వెయ్యి హెర్ట్జ్‌ల మీటరు చూపించని ముసలితనం: ఒక పాత లిథియం సెల్‌పై ప్రాజెక్టు డైరీ

డిసెంబరు 3

మా వీధి చివర ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు విప్పి బాగుచేసే కుర్రాడు ఒకడున్నాడు. నాలుగేళ్లు నడిచిన ప్యాక్ ఒకటి తన దగ్గరకు వచ్చింది. ఫిర్యాదు ఒక్కటే: చదును రోడ్డు మీద బాగానే పోతుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. ప్యాక్ విప్పి సెల్ సెల్‌కీ మీటరు పెట్టి చూశాడట. "అన్నా, కొత్తదానికి 21 చూపిస్తోంది, దీనికి 26. అంత తేడా ఏం లేదు. సెల్స్ మంచివే, ఇంకెక్కడో ఉంది గొడవ" అన్నాడు.

ఆ 21, 26 మిల్లీఓమ్‌లు. వాడి చేతిలో ఉన్నది అంతర్గత నిరోధం కొలిచే చిన్న మీటరు. అలాంటి మీటర్లన్నీ దాదాపు ఒకే పని చేస్తాయి: సెకనుకు వెయ్యిసార్లు ఊగే చిన్న కరెంటును సెల్‌లోకి పంపి, వోల్టేజీ ఎంత ఊగిందో చూస్తాయి. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన అంకెను సెల్ మొత్తానికి ఆరోగ్య ధ్రువపత్రంలా చదివేస్తాం.

ప్యాక్‌లోంచి రెండు సెల్స్, అదే మోడల్‌లో వాడకుండా మిగిలిపోయిన కొత్తది ఒకటి అడిగి తెచ్చుకున్నాను. మూడూ 18650 సైజువే. ధన ధ్రువం నికెల్-మాంగనీస్-కోబాల్ట్ ఆక్సైడ్, ఋణ ధ్రువం గ్రాఫైట్. ఒక రోజంతా చార్జ్ చేసి, దింపి, సామర్థ్యం కొలిచాను. కొత్తది 2.48 ఆంపియర్-అవర్లు, పాతదాంట్లో మొదటిది 1.83. రెండో పాత సెల్ గురించి తర్వాత రాస్తాను, దాని కథ వేరు.

మీటరు చూపించే తేడా 5 మిల్లీఓమ్‌లే. దానితోనే బండి ఆగిపోకూడదు. అందుకని ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర కాకుండా 5 కిలోహెర్ట్జ్‌ల నుంచి 10 మిల్లీహెర్ట్జ్‌ల దాకా, అంటే సెకనుకు ఐదు వేల ఊపుల నుంచి వంద సెకన్లకు ఒక్క ఊపు దాకా, అంతటా కొలవాలని నిర్ణయించుకున్నాను. ఎలక్ట్రోకెమికల్ ఇంపెడెన్స్ స్పెక్ట్రోస్కోపీ అంటే ఇదే.

డిసెంబరు 6

సెటప్ చెప్పడానికి చిన్నదే. రెండు వైపులా కరెంటు ఇవ్వగల పవర్ ఆప్-ఆంప్ సైన్ తరంగాన్ని సెల్‌లోకి తోస్తుంది, షంట్ అనే చిన్న రెసిస్టర్ ఆ కరెంటును కొలుస్తుంది. సెల్ వోల్టేజీలోంచి స్థిరమైన 3.6 వోల్టులు తీసేసి, మిగిలిన చిన్న ఊపును పెద్దది చేసి, దాన్ని అంకెలుగా మార్చే ఏడీసీకి ఇస్తాను. కరెంటు 100 మిల్లీఆంపియర్లకు మించనివ్వలేదు. సెల్ ఊపు 10 మిల్లీవోల్టుల లోపు ఉంటేనే ధ్రువాల దగ్గర రసాయన చర్య సరళరేఖలా స్పందిస్తుంది. అది దాటితే కొలిచేది నిరోధం కాదు, ఏదో వంకర.

సెల్ పెట్టేముందు 10 మిల్లీఓమ్‌ల షంట్ రెసిస్టర్ పెట్టి చూశాను. రెసిస్టర్‌కి ఏ ఫ్రీక్వెన్సీలోనైనా జవాబు ఒక్కటే కాబట్టి గ్రాఫులో ఒక్క చుక్క రావాలి. నాకు చక్కటి వృత్తఖండం వచ్చింది! ఒక రాగి ముక్కలో ఎలక్ట్రోకెమిస్ట్రీ కనిపెట్టేశానని కాసేపు నవ్వుకున్నాను.

తప్పు ఏడీసీది. నేను వాడిన మాడ్యూల్ ఒకే కన్వర్టర్‌తో రెండు ఛానెళ్లను వంతులవారీగా చదువుతుంది. వోల్టేజీ చదివాక కరెంటు చదవడానికి 200 మైక్రోసెకన్లు పడుతోంది. 10 హెర్ట్జ్‌ల దగ్గర అది డిగ్రీలో ముప్పావు కూడా కాదు, ఎవరికీ కనపడదు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం ఊపులో ఐదో వంతు, అంటే 72 డిగ్రీలు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ చుక్క మూలబిందువు చుట్టూ తిరిగిపోయింది. రెండు ఛానెళ్లనూ ఒకే క్షణంలో పట్టుకునే 24 బిట్ల ఏడీసీ పెట్టాక వృత్తం పోయింది.

ఇంకో గొడవ తీగలది. కరెంటు తీగలు, వోల్టేజీ తీగలు వేరువేరుగా నాలుగు పెట్టినా, వాటిని బల్ల మీద పరిచి వదిలేశాను. అలా ఏర్పడిన ఉచ్చు ఇండక్టెన్స్ అర మైక్రోహెన్రీ. 1 కిలోహెర్ట్జ్ దగ్గర అదొక్కటే 3 మిల్లీఓమ్‌లు అవుతుంది, మనం వెతికే తేడాలో సగం పైనే. కరెంటు జతను విడిగా, వోల్టేజీ జతను విడిగా జడలా అల్లి, రెండింటినీ ఒకదానికొకటి దూరంగా లాగాక చాలావరకు తగ్గింది. ఈ రెండూ అయ్యాకే సెల్ పెట్టాను.

డిసెంబరు 9

కొత్త సెల్‌కి మొదటి నిఖార్సయిన గీత వచ్చింది. దాన్ని చదివే పద్ధతి ఒకసారి రాసి పెట్టుకుంటాను, మిగతా రోజులన్నీ దీని మీదే ఆధారం.

ఊగే కరెంటుకు సెల్ చూపే అడ్డే ఇంపెడెన్స్. అడ్డ అక్షం మీద దాని వాస్తవ భాగం, నిలువు అక్షం మీద గుర్తు మార్చిన కల్పిత భాగం. ఎక్కువ ఫ్రీక్వెన్సీలు ఎడమ వైపు, తక్కువవి కుడి వైపు. అన్నిటికంటే ఎడమన అక్షం కిందికి వేలాడే తోక తీగల, సెల్‌లోని చుట్టల ఇండక్టెన్స్. అది అక్షాన్ని దాటే చోటు నా సెల్‌కి 1 కిలోహెర్ట్జ్‌కి దగ్గర్లో, 21 మిల్లీఓమ్‌ల దగ్గర ఉంది. అంత వేగంగా ఊపితే ధ్రువాల మీద చర్యకు తీరిక ఉండదు. కరెంటుకు అడ్డుపడేవి ఎలక్ట్రోలైట్, సెపరేటర్, రేకులు, ట్యాబులు మాత్రమే. మీటరు చూపించేది ఇదే, ఇంతే.

అక్కణ్నుంచి కుడికి వెళ్తే ఒక అణిగిన గుట్ట. జాగ్రత్తగా చూస్తే రెండు గుట్టలు ఒకదాని మీదొకటి వాలి ఉన్నాయి. ఎడమ చిన్నగుట్ట కొన్ని వందల హెర్ట్జ్‌ల దగ్గర శిఖరం, వెడల్పు 3 మిల్లీఓమ్‌లు. గ్రాఫైట్ మీద పేరుకునే ఎస్‌ఈఐ పొరలోంచి లిథియం దూరిపోవడానికి పడే పాట్లకు దీన్ని సాధారణంగా ఆపాదిస్తారు. కుడి పెద్దగుట్ట 40 హెర్ట్జ్‌ల దగ్గర శిఖరం, వెడల్పు 9 మిల్లీఓమ్‌లు. ఇది చార్జ్ ట్రాన్స్‌ఫర్: ఎలక్ట్రోలైట్‌లోని లిథియం అయాన్, అవతలి నుంచి వచ్చే ఎలక్ట్రాన్, రెండూ ధ్రువం గడప దగ్గర కలిసి లోపలికి అడుగు పెట్టడంలో ఉన్న కష్టం. ఆ గడప దగ్గర పేరుకునే ఆవేశం కెపాసిటర్‌లా పనిచేస్తుంది కాబట్టే గీత గుట్టలా వంగుతుంది.

ఆ తర్వాత 1 హెర్ట్జ్ కిందికి దిగాక గీత 45 డిగ్రీల వాలుతో పైకి లేస్తుంది. అది డిఫ్యూజన్, లిథియం ధ్రువంలోని కణాల లోపలికి నెమ్మదిగా ఇంకడం. ఈ వాలును 1899లో లెక్కగట్టినవాడు ఎమిల్ వార్బుర్గ్, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. లిథియం సెల్ అన్నది ఎవరి ఊహలోనూ లేని రోజులు అవి.

మొత్తం స్వీప్‌కి 25 నిమిషాలు పడుతుంది. అందులో 22 చివరి పదింతల తగ్గింపుకే. 10 మిల్లీహెర్ట్జ్‌ల దగ్గర ఒక్క ఊపుకు వంద సెకన్లు, మూడు ఊపులు కావాలి మరి.

డిసెంబరు 11

ఈరోజు పాత సెల్ వంతు. పొద్దున్న ఆరున్నరకు కొలిస్తే పెద్దగుట్ట 62 మిల్లీఓమ్‌లు. కొత్తదానికి ఏడింతలు! మెకానిక్‌కి ఫోన్ చేసి చెప్పేయబోయి, ఎందుకైనా మంచిదని భోజనం తర్వాత మళ్లీ కొలిచాను. 34 వచ్చింది. సెల్‌ని ముట్టుకోలేదు, తీగ కదపలేదు. కొంచెం టెన్షన్ పట్టుకుంది.

గది థర్మామీటరు చూశాక అర్థమైంది. పొద్దున్న 19 డిగ్రీలు, మధ్యాహ్నం 28. చార్జ్ ట్రాన్స్‌ఫర్ ఒక రసాయన చర్య, వేడికి వేగం పెరుగుతుంది. ఈ రెండు అంకెల నుంచి ఆరీనియస్ లెక్క కడితే క్రియాశీల శక్తి మోల్‌కి 49 కిలోజౌళ్లు వచ్చింది. లిథియం సెల్స్‌లో ఈ చర్యకు మామూలుగా కనిపించే విలువలు ఈ చుట్టుపక్కలే ఉంటాయి. ఉజ్జాయింపుగా చెప్పాలంటే, పది డిగ్రీలు పెరిగితే ఈ గుట్ట సగానికి పడిపోతుంది.

పనికొచ్చే సంగతి ఇంకోటి దొరికింది. అదే తొమ్మిది డిగ్రీల తేడాకు ఎడమ చివరి నిరోధం 27 నుంచి 25కి మాత్రమే మారింది. అంటే వెయ్యి హెర్ట్జ్‌ల మీటరుకు పొద్దున్న, మధ్యాహ్నం అన్న తేడా పెద్దగా తెలియదు. కొండెక్కే బండికి మాత్రం బాగా తెలుస్తుంది. ఫిర్యాదు చేసినాయన బండి ఎక్కువగా తెల్లవారుజామునే ఆగుతోందని మెకానిక్ అన్నది ఇప్పుడు గుర్తొచ్చింది.

థర్మకోల్ పెట్టె, హీటర్ ప్యాడ్, చిన్న ఫ్యాను, సెల్ ఒంటికి అంటించిన సెన్సరు. ఇకనుంచి అన్ని కొలతలూ 30 డిగ్రీల దగ్గరే.

డిసెంబరు 14

పెట్టెలో పాత సెల్‌ని సగం చార్జ్ దగ్గర ఉంచి కొలిస్తే ఎడమ పక్క అంతా బాగుంది గానీ కుడి చివరి డిఫ్యూజన్ తోక వంకర్లు పోయింది. చార్జింగ్ ఆపి గంటే అయింది, సెల్ లోపల లిథియం ఇంకా సర్దుకుంటోంది. వంద సెకన్ల ఊపు కొలిచేలోపు వోల్టేజీ తనంతట తానే జరిగిపోతోంది. కంటికి ఇది ఏదో కొత్త ప్రక్రియలా కనిపిస్తుంది, నమ్మేస్తే మునిగామన్నమాటే. క్రేమర్స్-క్రోనిగ్ పరీక్ష దీన్ని పట్టేస్తుంది. సెల్ కొలిచేటప్పుడు మారకుండా, సరళంగా ఉంటే వాస్తవ భాగానికీ కల్పిత భాగానికీ మధ్య ఒక లెక్క కుదిరి తీరాలి. నా డేటాలో 0.05 హెర్ట్జ్ కింద తేడా ఒక శాతం దాటింది. నాలుగు గంటలు విశ్రాంతి ఇచ్చి మళ్లీ కొలిస్తే అర శాతం లోపు వచ్చింది.

అప్పుడు ఫిట్టింగ్, అంటే గీతకు సరిపోయే సర్క్యూట్ విలువలు వెతకడం. ధ్రువం ప్రవర్తనకు నమూనాగా 1947లో రాండిల్స్ గీసిన సర్క్యూట్‌కి ఇంకో గుట్ట, ముందు ఒక ఇండక్టర్ కలిపాను:

```python
from impedance.models.circuits import CustomCircuit
from impedance.validation import linKK

M, mu, Zkk, re, im = linKK(f, Z, add_cap=True)

c = CustomCircuit('L0-R0-p(R1,CPE1)-p(R2,CPE2)-W1',
    initial_guess=[2e-7, .02, .003, .1, .9, .01, .5, .85, .002])
c.fit(f, Z)
print(c)
```

కెపాసిటర్ బదులు `CPE`, అంటే కాన్‌స్టంట్ ఫేజ్ ఎలిమెంట్, ఎందుకంటే అసలు గుట్టలు నిండు అర్ధవృత్తాలు కావు, అణిగి ఉంటాయి. ధ్రువంలో ప్రతి కణమూ ఒకేలా ఉండదు, ఒక్కొక్కటి ఒక్కో వేగంతో స్పందిస్తుంది. పైగా ఈ సర్క్యూట్‌లో ఇంకా ముక్కలు కలుపుకుంటూ పోతే ఎలాంటి గీతకైనా అతుక్కుంటుంది. కానీ ఆ ముక్కలకు అర్థం ఉండదు. రెండు గుట్టల దగ్గర ఆగిపోవాలని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

కొత్త సెల్: ఎడమ చివర 21, చిన్నగుట్ట 3, పెద్దగుట్ట 9. మొత్తం 33 మిల్లీఓమ్‌లు. పాత సెల్: 25, 6, 30. మొత్తం 61. మీటరు ఐదోవంతు పెరిగిందన్న నిరోధం నిజానికి దాదాపు రెండింతలైంది. పెరిగిన 28 మిల్లీఓమ్‌లలో 21 ఆ ఒక్క పెద్దగుట్టదే, మీటరు అసలు చూడని చోటు.

గీత నిజమో కాదో తేల్చుకోవడానికి 2.5 ఆంపియర్ల లోడు పెట్టి, సెకనులో ఐదో వంతు గడిచాక వోల్టేజీ ఎంత పడిందో చూశాను. ఆపాటికి గుట్టలు రెండూ పూర్తయిపోతాయి, డిఫ్యూజన్ ఇంకా పెద్దగా మొదలవదు. కొత్తదానికి 82 మిల్లీవోల్టులు రావాలి, 83 వచ్చింది. పాతదానికి 152 రావాలి, 140 వచ్చింది.

ఆ పన్నెండు ఎక్కడికి పోయాయి? చార్జ్ ట్రాన్స్‌ఫర్ నిరోధం చిన్న ఊపుల దగ్గరే స్థిరం. 30 మిల్లీఓమ్‌లు, 2.5 ఆంపియర్లు అంటే గడప దగ్గరే 75 మిల్లీవోల్టులు. అంత ఒత్తిడిలో చర్య సరళరేఖ కంటే వేగం పుంజుకుంటుంది. ధ్రువం దగ్గర కరెంటుకూ వోల్టేజీకీ సంబంధం చెప్పే బట్లర్-వోల్మర్ సూత్రంతో ఆ 75ని సరిచేస్తే 60 అవుతుంది, మొత్తం 138. కొలిచినదానికి రెండే తేడా. కొత్త సెల్‌లో గడప దగ్గర పడేది 22 మిల్లీవోల్టులే కాబట్టి ఈ సవరణ అవసరమే రాలేదు.

డిసెంబరు 17

గుట్ట పెరిగిందన్నది తేలింది. ఎందుకు పెరిగిందో చెప్పేది వెడల్పు కాదు, శిఖరం ఉన్న ఫ్రీక్వెన్సీ. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

రెండు కారణాలు ఊహించుకోవచ్చు. ఒకటి, ధ్రువంలో కొంత భాగం పనికిరాకుండా పోయింది: కణాలు పగిలి విద్యుత్ సంబంధం తెగింది, ఎలక్ట్రోలైట్ అందడం లేదు. గడప సగం మూతపడిందన్నమాట. అప్పుడు నిరోధం రెండింతలవుతుంది, కానీ ఆవేశం నిలిచే చోటు కూడా సగమై కెపాసిటెన్స్ సగమవుతుంది. శిఖరం `f = 1/(2πRC)` దగ్గర ఉంటుంది కాబట్టి అది కదలదు. రెండోది, గడప అంతే ఉంది, దాటడమే కష్టమైంది. అప్పుడు నిరోధం పెరుగుతుంది, కెపాసిటెన్స్ అలాగే ఉంటుంది, శిఖరం తక్కువ ఫ్రీక్వెన్సీకి జారుతుంది.

నా సెల్స్‌లో శిఖరం 40 హెర్ట్జ్‌ల నుంచి 10కి జారింది. లెక్కేస్తే కొత్తదాని కెపాసిటెన్స్ 0.44 ఫారడ్‌లు, పాతదానిది 0.53. అణిగిన గుట్టలతో చేసే ఈ లెక్కలో ఆ మాత్రం తేడా పట్టించుకోనక్కర్లేదు. తగ్గలేదన్నదే ముఖ్యం. గడప మూతపడలేదు, దాని మీద ఏదో పేరుకుంది.

ఏ ధ్రువం గడప? సెల్ రెండు కొసల మధ్య చేసే కొలతలో ధన, ఋణ ధ్రువాలు కలిసే కనిపిస్తాయి. ఖాయంగా విడదీయాలంటే సెల్ లోపల మూడో ధ్రువం పెట్టాలి. లేదా సెల్ విప్పి రెండు ధన ధ్రువాలను ఒకటిగా, రెండు ఋణ ధ్రువాలను ఒకటిగా కట్టి కొలవాలి. కెనడాలో డల్‌హౌసీ యూనివర్సిటీలో జెఫ్ డాన్ బృందం ఈ రెండో పద్ధతిని విస్తారంగా వాడింది. ఇంట్లో సెల్ విప్పే ధైర్యం నాకు లేదు, తేమలేని గ్లవ్ బాక్స్ లేకుండా విప్పకూడదు కూడా.

అందుకని పరోక్షంగా వెళ్లాను. ఈ రకం ధన ధ్రువానికి ఒక లక్షణం ఉంది. సెల్ ఖాళీ అవుతున్నకొద్దీ అది లిథియంతో నిండిపోతుంది, కొత్తగా వచ్చేదానికి ఖాళీ సీట్లు తగ్గి చార్జ్ ట్రాన్స్‌ఫర్ నిరోధం గట్టిగా పెరుగుతుంది. ఎస్‌ఈఐ పొరకు సెల్ నిండా ఖాళీనా అన్నది అంతగా పట్టదు. మూడు చోట్ల కొలిచాను, ప్రతిసారీ నాలుగు గంటల విశ్రాంతితో. కొత్త సెల్ పెద్దగుట్ట 80 శాతం చార్జ్ దగ్గర 8, సగం దగ్గర 9, 20 శాతం దగ్గర 14. పాతది 24, 30, 58. చిన్నగుట్ట రెండింట్లోనూ దాదాపు కదల్లేదు.

పెరుగుదలలో సింహభాగం చార్జ్‌తో పాటు మారుతోంది కాబట్టి నా వేలు ధన ధ్రువం వైపే చూపిస్తుంది. నికెల్ ఎక్కువున్న ఈ ఆక్సైడ్ కణాల ఉపరితలం ఏళ్లు గడిచేకొద్దీ ఆక్సిజన్ పోగొట్టుకుంటుంది, లిథియం ఉండాల్సిన చోట్లలోకి నికెల్ చొరబడుతుంది. కొన్ని నానోమీటర్ల మందాన రాతి ఉప్పులాంటి అమరిక ఏర్పడి లిథియంకు దారి ఇరుకవుతుంది. నా గీత దీన్ని నిరూపించలేదు, దీనితో సరిపోలింది. ఆ రెండిటికీ తేడా ఉందని గుర్తుపెట్టుకోవాలి.

ఫ్లైఓవర్ చిక్కుముడి మాత్రం విడిపోయింది. చార్జ్ 20 శాతం, తెల్లవారుజాము చలి, ఎక్కుడు లోడు. మొదటి రెండూ ఆ ఒక్క గుట్టనే పెంచుతాయి, మూడోది దాని దగ్గర పడిపోయే వోల్టేజీని పెంచుతుంది. వోల్టేజీ కుప్పకూలి, ప్యాక్‌ను కాపాడే బీఎంఎస్ బోర్డు కరెంటు కట్ చేస్తుంది. చదును రోడ్డుకు వచ్చేసరికి అంతా మామూలే.

డిసెంబరు 21

మెకానిక్‌కి గ్రాఫులు చూపించాను. ఓపిగ్గా విని, "ఇదంతా నా వల్ల కాదన్నా, ఒక్క అంకె చెప్పు, దాన్నిబట్టి సెల్స్ ఏరుకుంటా" అన్నాడు. న్యాయమే. వెయ్యికి బదులు 1 హెర్ట్జ్ దగ్గర ఒక్క కొలత తీస్తే చాలు, గుట్టలు రెండూ అందులో పడతాయి, సెల్‌కి కొన్ని సెకన్లే. కాకపోతే అన్ని సెల్స్ ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే చార్జ్‌లో ఉండాలి, లేకపోతే మళ్లీ నా డిసెంబరు 11 కథే. దానికోసం ఒక చిన్న బోర్డు చేసిస్తానని మాటిచ్చాను.

మాటిచ్చాక రెండో పాత సెల్ కొలిచాను. ముందే కొలిచి ఉండాల్సింది.

దీని సామర్థ్యం 1.61, మొదటిదానికంటే అధ్వానం. గీత చూస్తే కొత్తదాని తమ్ముడిలా ఉంది: 22, 4, 13. ఇంపెడెన్స్ చూసి ఏరితే ఇది మొదటి వరసలో కూర్చుంటుంది. సామర్థ్యం పోవడం, నిరోధం పెరగడం ఒకే జబ్బు కాదు. తిరిగే లిథియం ఎక్కడో చిక్కుకుపోతే, ఉదాహరణకు చలిలో గట్టిగా చార్జ్ చేసినప్పుడు గ్రాఫైట్ మీద లోహంలా పేరుకుపోతే, సామర్థ్యం పోతుంది గానీ గుట్టలు పెద్దగా మారకపోవచ్చు. 1 హెర్ట్జ్ బోర్డుతో పాటు సామర్థ్యం కొలత కూడా తప్పదని వాడికి చెప్పాలి.

ఒక్క ఆనవాలు మాత్రం కనిపించింది. 20 శాతం చార్జ్ దగ్గర దీని పెద్దగుట్ట 16 మాత్రమే, అసలు పెరగనట్టే. తిరిగే లిథియం తగ్గిపోతే సెల్ ఖాళీ అయినా ధన ధ్రువం పూర్తిగా నిండదు, సీట్లు మిగిలే ఉంటాయి. గుట్ట పెరగకపోవడానికి అదే కారణమై ఉండొచ్చు. ఊహ సరైనదైతే నెమ్మదిగా దింపినప్పుడు వోల్టేజీ గీతలోని మెట్ల మధ్య దూరాలు కొత్త సెల్‌తో పోలిస్తే జరిగి కనిపించాలి. 80 మిల్లీఆంపియర్లతో దింపడం మొదలుపెట్టాను, ఇరవై గంటలు పడుతుంది. రేపు సాయంత్రం దాకా పెట్టె మూత తీయకూడదు. ఇంట్లో అందరికీ చెప్పాను, పెట్టె మీద కాగితం కూడా అంటించాను.